మీకు తెలుసా? మేడ మీద మేడ వేసే ముందు...

డాబా మీద పిట్టగోడ దాటి నాలుగైదు చోట్ల పిల్లర్ల చువ్వలు పైకి లేచి ఉంటాయి. కొన్నిటికి ఖాళీ సీసాలు తగిలించి ఉంటాయి, కొన్నిటికి బట్టలారేసే తీగ కట్టి ఉంటుంది. ఇంటివాళ్లను అడిగితే "పైన వేసుకోవడానికే వదిలాం, పునాది గట్టిదే" అంటారు. ఆ చువ్వలు పునాది గురించి ఏమీ చెప్పవని మీకు తెలుసా? స్లాబు వేసే రోజు మూడడుగుల ఇనుము ఎక్కువ వదలడానికి మేస్త్రీకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అదే అంతస్తు కోసం అడుగున ఫుటింగులను వెడల్పు చేయాలంటే మట్టి తవ్వకం, కాంక్రీటు, ఇనుము అన్నీ పెరుగుతాయి. ఇల్లు కట్టిన రోజున మొదటి పని జరిగిందంటే రెండోదీ జరిగినట్టు కాదు. రెండోది జరిగిందో లేదో భూమిలో చూస్తేనే తెలుస్తుంది.

అందుకే పై అంతస్తు ప్లాను గీయించడానికి ముందే గుంట తవ్వించాలి. చాలామంది వరస మార్చేస్తారు. పైన మూడు గదులు, అటాచ్డ్ బాత్రూములు, బాల్కనీ అని ముందు బొమ్మ గీయించుకుంటారు, ఎలివేషన్‌కు రంగులు కూడా ఎంచుకుంటారు. ఆ తరవాత ఇంజినీరును పిలిచి "ఇది మోస్తుందా" అని అడుగుతారు. అప్పటికి మనసు ఆ బొమ్మకు అతుక్కుపోయి ఉంటుంది. ఇంజినీరు "మోయదు" అంటే "మోస్తుంది" అనే ఇంకో ఇంజినీరును వెతుక్కుంటారు.

ఒక్క అంతస్తు బరువెంత?

లెక్క వేసి చూద్దాం. పిల్లర్లు ఒక వైపు 12 అడుగులకు, ఇంకో వైపు 13 అడుగులకు ఒకటి చొప్పున ఉన్న మామూలు ఇల్లు అనుకోండి. ఇంటి నడుమ ఉన్న ఒక పిల్లరును తీసుకుంటే చుట్టూ ఉన్న నాలుగు గదుల్లో తలా పావు వంతు దాని వాటాకు వస్తుంది. అంటే సుమారు పద్నాలుగున్నర చదరపు మీటర్లు.

అయిదంగుళాల స్లాబు, దానిమీద ఫ్లోరింగ్, గదుల్లో తిరిగే మనుషులు, సామాను కలిపితే చదరపు మీటరుకు సుమారు 610 కిలోలు. ఇందులో మనుషులకు, సామానుకు ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల్లో లెక్కవేసేది 200 కిలోలే. మిగతాదంతా కట్టడం సొంత బరువు. ఆ వాటా మీద ఇది 9 టన్నులకు కాస్త తక్కువ. బీములు, పైన వచ్చే పిల్లరు ముక్క కలిపి ఇంకో రెండు టన్నులు.

ఇక గోడలు. ఆ పిల్లరు వాటాకు వచ్చే గోడ పొడవు 25 అడుగులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ తొమ్మిదడుగుల ఎత్తు కడితే ప్రతి అడుగు పొడవుకూ సుమారు 380 కిలోలు. తలుపులు, కిటికీల ఖాళీలు తీసేయకుండా చూస్తే తొమ్మిదిన్నర టన్నులు. స్లాబు, దానిమీది సంసారం మొత్తం ఒక ఎత్తు, గోడలు ఒక్కటే ఒక ఎత్తు. అన్నీ కలిపితే ఒక్క అంతస్తు ఆ ఒక్క పిల్లరు మీద పెట్టే భారం సుమారు 20 టన్నులు. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవైతే ఇది తగ్గుతుంది. లెక్క తేలిగ్గా ఉండాలని అన్నీ తొమ్మిదంగుళాలే అనుకున్నాను.

ఇప్పటికే ఉన్న ఒంటి అంతస్తు ఇంటి ఫుటింగు ఎంత మోస్తోంది? డాబా స్లాబు, బీములు, పిల్లరు కలిపి పదిన్నర టన్నులు. కింది గోడలు ప్లింత్ బీముల మీద కూర్చుంటాయి కాబట్టి వాటి భారం పిల్లరు ఒంటి మీదుగా కాకుండా అడుగున వచ్చి కలుస్తుంది. బీములతో కలిపి అదింకో పదిన్నర, పదకొండు. మొత్తం 21 టన్నుల పైమాట. పైన ఇంకో అంతస్తు వేస్తే 41. అంటే ఫుటింగు మీద భారం దాదాపు రెట్టింపు. పిల్లరు ఒంటి మీదైతే పదిన్నర కాస్తా ముప్పయి దాటుతుంది, అంటే మూడింతలు. ఈ రెండు తేడాలూ గుర్తుంచుకోండి. ఒకే ఇంట్లో పిల్లరు పాసై ఫుటింగు ఫెయిల్ కావచ్చు, తిరగబడి కూడా జరగొచ్చు.

గుంటలో ఏం కనిపిస్తుంది?

మట్టి మోసే బలాన్ని చదరపు మీటరుకు ఇన్ని టన్నులని లెక్కిస్తారు. గట్టి మొరం అయితే 20 నుంచి 25 టన్నులు. నల్లరేగడి సాధారణంగా పదికి దిగువ, ఒక్కోసారి అయిదే. పైన లెక్కవేసిన ఇంటికి అయిదడుగుల చదరపు ఫుటింగు ఉందనుకుందాం, అంటే 2.3 చదరపు మీటర్లు. ఫుటింగు సొంత బరువుకు పది శాతం కలిపితే ఇప్పుడు మట్టి మీద ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 10 టన్నులు. పైన వేస్తే 20.

కొలతలు మారని అదే ఇల్లు మొరం నేల మీద ఉంటే అంచుకు తగిలి నిలబడుతుంది. నల్లరేగడి మీదైతే ఇప్పటికే అంచు మీదో, అంచు దాటో ఉంది, ఇంకో ఇటుక కూడా ఎక్కకూడదు. అందుకని "పక్కింటాయన వేశాడుగా, ఏమీ కాలేదు" అనే మాటకు విలువ లేదు. ఆయన ఫుటింగు ఎంతో మనకు తెలియదు. హైదరాబాదులోనైతే ఒక ప్లాటులో నాలుగడుగుల లోతుకే బండ తగలొచ్చు, అదే వీధి చివరి ప్లాటు ఒకప్పటి చెరువు అంచును మట్టి పోసి పూడ్చినది కావచ్చు.

గుంట తవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. ఒక పిల్లరుకు ఒకే పక్క తవ్వాలి. చుట్టూ తవ్వితే ఫుటింగును పక్కల నుంచి పట్టుకున్న మట్టి పోతుంది. పక్కపక్క పిల్లర్ల దగ్గర ఒకేసారి తవ్వకూడదు. ఎండాకాలంలో తవ్వి, చూసి, కొలిచి, తడిపి దిమ్మిస గొట్టి పూడ్చేయాలి. గుంట అలా వదిలేస్తే ఒక్క వానకు నీళ్లు నిలిచి, మనం పరీక్షించడానికి వచ్చిన మట్టే మెత్తబడుతుంది.

కొలవాల్సింది మూడు. ఫుటింగు వెడల్పు ఎంత, దాని అడుగు ఎంత లోతులో ఉంది, దాని మందం ఎంత. మందాన్ని చాలామంది వదిలేస్తారు. వెడల్పు సరిపోయినా అంచున ఆరంగుళాలే ఉన్న పలచటి ఫుటింగులో పెరిగిన భారానికి పిల్లరు ఆ కాంక్రీటును గుచ్చుకుని కిందికి దిగే ప్రమాదం ఉంది. మట్టి తప్పేమీ ఉండదు, కాంక్రీటే తెగుతుంది.

గుంట ఒక్కటి చాలదు. ఇంటి నడుమ పిల్లరు దగ్గర ఒకటి, ప్లాటు హద్దును ఆనుకున్న మూల పిల్లరు దగ్గర ఒకటి తప్పకుండా చూడాలి. హద్దు దాటి తవ్వకూడదు కాబట్టి మూల ఫుటింగును తరచు లోపలివైపుకే పోసి ఉంటారు. అప్పుడు పిల్లరు ఫుటింగు నడుమ కాకుండా ఒక అంచున నిలబడి ఉంటుంది. భారం పెరిగే కొద్దీ ఆ అంచు ఎక్కువ దిగబడాలని చూస్తుంది. ఇల్లు ఇప్పటికే అలా ఒరుగుతోందా అన్నది గోడలు చెబుతాయి. కిటికీ మూల నుంచి ఇటుకల అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పాకే పగులు కనిపిస్తే పునాది ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా దిగుతోందని అనుమానించాలి. దాని మీద అడ్డంగా ఒక గాజు పట్టీ అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం గడవనిస్తే గాజు చిట్లిందా లేదా అన్నదే జవాబు.

అసలు పిల్లర్లే లేని ఇళ్లు

పాత ఇళ్లలో గోడలే భారం మోస్తాయి. వరండా ముందు కనిపించే గుండ్రటి స్తంభాలు ఇటుకతో కట్టి సిమెంటు పూసినవి కావచ్చు. అలాంటి ఇంటి మీద స్లాబు నడుమ నుంచి కొత్త పిల్లర్లు లేపకూడదు. వాటి భారమంతా ఒక్కో బిందువు దగ్గర దిగుతుంది, కింద దాన్ని అందుకునేది ఏదీ ఉండదు. వేయదలచుకుంటే పై గోడ కింది గోడ మీదే రావాలి, కింద రాతి కట్టుబడి వెడల్పు చూసుకోవాలి. లేదా ఇంటి బయట నుంచి కొత్త పిల్లర్లు నేల నుంచే లేపాలి.

పిల్లరు బలం కొలతల్లో లేదు

మళ్లీ మన ఇంటికి వద్దాం. పిల్లరు 9 అంగుళాలు, 12 అంగుళాలు. లోపల 12 మిల్లీమీటర్ల చువ్వలు నాలుగు. ఈ కొలతకు ఐఎస్ 456 అడిగే కనీస ఇనుము కాంక్రీటు అడ్డుకోతలో 0.8 శాతం. నాలుగు చువ్వలు కలిపి 0.66 శాతమే వస్తాయి. చువ్వలు ఆరు ఉంటే నిబంధనకు సరిపోయేది. 9 అంగుళాల చదరపు పిల్లరులో అవే నాలుగు చువ్వలు సరిపోతాయి. పిల్లరు పెంచి ఇనుము పెంచని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

సరే, అది పక్కన పెట్టి నిట్టనిలువు భారం మాత్రమే చూద్దాం. కాంక్రీటు ఎం-15 బలంతో ఉంటే, భద్రత కోసం వదిలే వాటా తీసేశాక, ఈ పిల్లరు సుమారు 36 టన్నులు మోస్తుంది. మనకు కావలసింది 31 లోపే. కాగితం మీద పాస్. కానీ ఆ కాంక్రీటు నిజంగా ఎం-15 అని ఎవరు చెప్పారు? పాతికేళ్ల కిందట తట్టలతో కొలిచి, పని తేలిగ్గా సాగాలని నీళ్లు ఎక్కువ పోసి కలిపిన కాంక్రీటు ఎం-10 దగ్గరే ఆగిపోయి ఉంటే అదే పిల్లరు సామర్థ్యం 27 టన్నులు. ఫెయిల్. చువ్వలు మారలేదు, కొలతలు మారలేదు. పైగా ఈ లెక్కలో బీములు పిల్లరును పక్కకు వంచే బలం లేదు, భూకంపం లేదు. హైదరాబాదు భూకంప పటంలో రెండో జోన్‌లో ఉంటే విజయవాడ మూడో జోన్‌లో ఉంది. వాటినీ కలిపితే 36 అన్నది కూడా కుంచించుకుపోతుంది.

కాబట్టి కాంక్రీటును పరీక్షించాల్సిందే. అందరికీ తెలిసినది రీబౌండ్ హ్యామర్. ప్లాస్టరింగ్ తీసి, నున్నగా రుద్ది, సుత్తిలాంటి పరికరాన్ని అదిమితే అది ఎంత వెనక్కి ఎగిరిందో అంకె చూపిస్తుంది. చవక, క్షణాల్లో అయిపోతుంది. అయితే అది చెప్పే బలంలో అటూ ఇటూ 25 శాతం తేడా ఉండొచ్చని 2020 దాకా అమల్లో ఉన్న ఐఎస్ 13311 రెండో భాగమే ఒప్పుకుంది. మన ఇంటికి పాస్‌కూ ఫెయిల్‌కూ మధ్య ఉన్న తేడా ఆ 25 శాతంలోనే ఇమిడిపోతుంది! పైగా పాత కాంక్రీటు గాలి తగిలి పైపొర గట్టిపడి ఉంటుంది, అందువల్ల హ్యామర్ ఉన్న బలం కన్నా ఎక్కువ చూపిస్తుంది. హ్యామర్ రిపోర్టు ఒక్కటి చూపించి సర్టిఫికెట్ ఇస్తామంటే ఒప్పుకోకండి. పిల్లర్లలో ఏది మంచిది, ఏది అనుమానం అని వేరు చేయడానికే అది పనికొస్తుంది. అనుమానం ఉన్నచోట కోర్ తీయాలి, అంటే కాంక్రీటులోంచి స్తంభాకారపు ముక్కను డ్రిల్లు చేసి తీసి ల్యాబులో నలగగొట్టాలి. మూడు కోర్ల సగటు కావలసిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి దిగకూడదు. 9 అంగుళాల పిల్లరులో కోర్ తీయడం అంత తేలిక కాదు. చువ్వ తెగకుండా ఎక్కడ తీయాలో ముందుగా రీబార్ లొకేటర్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఆ రంధ్రాన్ని కుంచించుకోని గ్రౌట్‌తో వెంటనే పూడ్చాలి.

కోర్ తీసిన చోట ఇంకో చిన్న పరీక్ష కూడా చేయించుకోవచ్చు. తాజాగా తెగిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే గులాబీ రంగు వచ్చినంత మేర లోపలి చువ్వకు తుప్పు నుంచి రక్షణ ఉన్నట్టు. రంగు రాని పొర చువ్వ దాకా చేరితే, గోడకు తడి తగిలినప్పుడల్లా తుప్పు పెరుగుతుంది. పిల్లరు మూలల వెంబడి నిలువునా సన్నటి పగులు, దాని నుంచి కారిన ఎర్రటి మరక కనిపిస్తే ఆ పని అప్పుడే మొదలైందన్న మాట.

ఇక డాబా మీది ఆ చువ్వలు. ఏళ్ల తరబడి ఎండావానలకు పొరలు పొరలుగా రాలిన చువ్వ మీద కొత్త చువ్వను కట్టకూడదు. తీగ బ్రష్‌తో రుద్ది కాలిపర్‌తో కొలవాలి. పన్నెండు మిల్లీమీటర్లది పదికి దిగిందంటే అడ్డుకోతలో మూడో వంతు దాకా పోయినట్టే. అప్పుడు పిల్లరు తలను చువ్వ బాగున్నంత కిందికి చెక్కి, అక్కడి నుంచి జత కలపాలి. జత పొడవు చువ్వ లావుకు సుమారు యాభై రెట్లు. పన్నెండు మిల్లీమీటర్ల చువ్వకు రెండడుగులు. అన్ని చువ్వలకూ ఒకే ఎత్తులో జత వేసేస్తే మేస్త్రీకి సులువే, పిల్లరుకు కాదు.

ఫెయిలైతే గది ఎంత చిన్నదవుతుంది?

పిల్లరు బలం చాలకపోతే చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటుతో జాకెట్ వేస్తారు. ఐఎస్ 15988 ప్రకారం ఆ పొర కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే 9, 12 అంగుళాల పిల్లరు కాస్తా 17, 20 అంగుళాలవుతుంది. తలుపు పక్కన ఉన్న పిల్లరైతే ఆ తలుపే మార్చాలి. జాకెట్ ఫుటింగు దాకా దిగి అక్కడ పాతుకోవాలి. నేల మట్టం దగ్గర ఆపేసిన జాకెట్ అలంకారం మాత్రమే.

దానికన్నా చవకైన దారి ప్లానులోనే ఉంది. పై అంతస్తు గోడలను నాలుగంగుళాల ఏఏసీ బ్లాకులతో కడితే ప్లాస్టరింగ్‌తో కలిపి అడుగు పొడవుకు 380 కిలోల చోట సుమారు 100 కిలోలే. మన పిల్లరుకు 25 అడుగులకు ఏడు టన్నులు ఆదా. మట్టి మీద ఒత్తిడి 20 నుంచి 16-17కు దిగుతుంది. మొరం నేలలో ఇది హాయిగా నిలుస్తుంది. ఆ ఎం-10 పిల్లరు కూడా 27లోపు పడి ఊపిరి పీల్చుకుంటుంది, వంపు, భూకంపం లెక్కలు ఇంకా మిగిలే ఉన్నా. నల్లరేగడి ఇంటికి మాత్రం ఇదీ చాలదు. ఇంకొకటి, పై గోడలు కింది బీముల గీతల మీదే రావాలి. కింద బీము లేనిచోట పైన బాత్రూము గోడ కావాలంటే ఆ స్లాబు దాన్ని మోయడానికి వేసింది కాదు.

మెట్లకూ పునాది ఉందా?

డాబాకు వెళ్లే మెట్లను ఇంటివాళ్లు అప్పడాలు ఎండబెట్టడానికి, ట్యాంకు చూడటానికి వాడుకుంటారు. పైన ఒక కాపురం వచ్చాక అవే మెట్ల మీద గ్యాసు బండలు, బీరువాలు, ఒక్కోసారి నడవలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సి వస్తుంది. జాతీయ భవన నియమావళి నివాస గృహాలకు చెప్పే వెడల్పు కనీసం ఒక మీటరు, మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించకూడదు, అడుగు పెట్టే చోటు 250కి తగ్గకూడదు, తల మీద ఖాళీ 2.2 మీటర్లు. రెండున్నర అడుగుల డాబా మెట్లు ఇందులో మొదటి దగ్గరే ఆగిపోతాయి.

మెట్లు ఇంటి లోపల ఉంటే, పైకి ఇంకో వరస వేయాలంటే డాబా మీది మెట్ల గది కప్పు పగలగొట్టాలి. ల్యాండింగ్ బీములో తరవాతి వరసకు చువ్వలు వదిలారో లేదో చూడాలి. పిల్లర్లకు చువ్వలు వదిలిన మేస్త్రీలు కూడా ఇక్కడ తరచు మరచిపోతారు. చివరి మెట్టు లెక్క ఇంకో ఇబ్బంది. డాబా మీద వాలుతో వేసిన వాటర్ ప్రూఫింగ్ మందం ఉంటుంది. దాన్ని తీసి రెండంగుళాల ఫ్లోరింగ్ వేస్తే చివరి మెట్టు మిగతా వాటికన్నా అంగుళమో, రెండో తేడా వస్తుంది. కళ్లకు కనపడదు, కాలికి తగులుతుంది. అందుకే పై అంతస్తు నేల మట్టాన్ని మెట్ల నుంచి లెక్కగట్టాలి.

మెట్ల నడుమ ల్యాండింగ్ బీము పిల్లరు సగం ఎత్తులో వచ్చి తగిలితే ఆ పిల్లరు రెండు పొట్టి ముక్కలవుతుంది. భూమి ఊగినప్పుడు పొడుగు పిల్లర్లు వంగుతాయి, పొట్టివి వంగలేక బలమంతా తమ మీద వేసుకుని ఏటవాలుగా పగులుతాయి. మెట్ల పక్క పిల్లర్లకు రింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో ప్లాస్టరు తీసి చూడాల్సింది అందుకే.

బయటి గోడలోకి ఒక చివర దూర్చి, రెండో చివర గాలిలో వదిలేసిన మెట్లు పాత ఇళ్లలో ఉంటాయి. ఆ మెట్టు తిరగబడకుండా పట్టుకునేది దాని మీద ఉన్న గోడ బరువు. పైన కూడా అలాంటి మెట్లే వేసి, పునాది మీద దయతో పై గోడను తేలిక బ్లాకులతో కడితే ఆ మెట్లను అదిమిపట్టే బరువే ఉండదు. రెండూ కలిపి కుదరవు. ఇలాంటి ఇంటికి మెట్లను విడిగా, తమ పిల్లర్లు, తమ ఫుటింగులతో ఇంటి పక్కన నిలబెట్టడమే నయం, సెట్‌బ్యాక్‌లో చోటు, అనుమతి ఉంటే. కొత్త ఫుటింగు మొదటి ఏడాదిలో కాస్త దిగుతుంది, పాత ఇల్లు దిగడం ఎప్పుడో అయిపోయింది. కాబట్టి రెంటినీ ఒకే కాంక్రీటుతో కలపకుండా మధ్య అంగుళం సందు వదిలి, ఆ సందును ఒకవైపు మాత్రమే బిగించిన రేకుతో కప్పాలి. రెండు వైపులా మేకులు కొడితే రేకు వంకరపోతుంది, వాన నీళ్లు నేరుగా పాత పునాది పక్కకే దిగుతాయి.